ఇంట్లో కరావోకే: బ్లూటూత్ స్పీకర్, మైకు, ఎకో, కూత, ఆలస్యం – తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు అపార్ట్‌మెంట్ హాల్లో టీవీలో కరావోకే ట్రాక్ పెట్టుకుని, ట్రాలీ స్పీకరో చిన్న బ్లూటూత్ స్పీకరో ఆన్ చేసి పాడుకునే మన తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. ఏ స్పీకర్ కొనాలన్న చర్చ ఇక్కడ లేదు. ఇంట్లో ఉన్నదాంతోనే కూత లేకుండా, తాళం తప్పకుండా ఎలా పాడుకోవాలన్నదే ఇక్కడి సంగతి.

"మైకులో ఎకో వస్తోంది" అంటే అసలు ఏం జరుగుతున్నట్టు?

ఎకో అన్న ఒక్క మాటతో మనవాళ్లు మూడు నాలుగు వేర్వేరు ఇబ్బందుల్ని చెబుతుంటారు. ఒకదానికి చేసే మార్పు ఇంకోదానికి పనికిరాదు కాబట్టి ముందు అదేమిటో తేల్చుకోవాలి. పాట ఆపేసి, మైకు నోటి దగ్గర పెట్టుకుని "టక్" అని ఒక్కసారి అనండి.

స్పీకర్‌లోంచి "టక్" ఒక్కసారే, స్పష్టంగా, కానీ మీరు అన్న కాసేపటికి వస్తే అది ఆలస్యం. గొంతు ఎక్కడో డిజిటల్ దారిలో చిక్కుకుని వస్తోందన్నమాట. "టక్, టక్, టక్" అంటూ తగ్గుకుంటూ వస్తే అది స్పీకర్‌లోని ఎకో ఎఫెక్ట్. ఎకో నాబ్‌ను సున్నాకు తిప్పితే పోతుంది. సున్నాకు తిప్పినా మాట చివర గింగురుమంటుంటే అది మీ హాలు పని. మైకు కట్టేసి గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. టైల్స్, ఖాళీ గోడలు, గాజు తలుపు ఉన్న హాల్లో చప్పట్ల తర్వాత "ట్ర్‌ర్" అన్న చిన్న మోత వినిపిస్తుంది.

ఇక మీరేమీ అనకుండానే శబ్దం దానంతటదే పెరుగుతూ పోతే అది ఫీడ్‌బ్యాక్, అంటే మైకు కూత. దాని గురించి కింద వివరంగా ఉంది.

బ్లూటూత్ మైకును బ్లూటూత్ స్పీకర్‌కి నేరుగా పెయిర్ చేయలేమా? రెండూ బ్లూటూతే కదా!

మామూలుగా కుదరదు. బ్లూటూత్‌లో పాటను పంపేది ఒకటి, అందుకునేది ఒకటి ఉండాలి. స్పీకర్ అందుకునే రకం. బజారులో కరావోకే బ్లూటూత్ మైకు అని అమ్మే, కింద బుల్లి స్పీకర్ ఉన్న మైకు కూడా అందుకునే రకమే. అది ఫోన్‌లోంచి పాట తీసుకుని, మీ గొంతు కలిపి తన స్పీకర్‌లోనే వినిపిస్తుంది. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎంతసేపు వెతికించినా ఒకదానికొకటి కనిపించవు.

ట్రాలీ స్పీకర్లతో వచ్చే వైర్‌లెస్ మైకుల సంగతి వేరు. వాటిలో చాలావరకు బ్లూటూత్ కాదు. సొంత రేడియో రిసీవర్ స్పీకర్ లోపలే ఉంటుంది, లేదంటే మైకు జాక్‌లో గుచ్చే చిన్న డబ్బాలో ఉంటుంది. యూహెచ్‌ఎఫ్ అనలాగ్ రకమైతే ఆలస్యం దాదాపు ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ రకమైతే కొద్ది మిల్లీసెకన్లు పడుతుంది, పాడటానికి ఇబ్బంది ఉండదు. కాకపోతే ఇది వైఫై వాడే బ్యాండే కాబట్టి, చుట్టూ ఇరవై రౌటర్లున్న అపార్ట్‌మెంట్‌లో అప్పుడప్పుడు గొంతు తెగుతుంది. అలాంటప్పుడు రిసీవర్‌ను వైఫై డబ్బాకు దూరంగా పెట్టండి.

నేను పాడిన మాట స్పీకర్‌లో ఆలస్యంగా వస్తోంది. ఎందుకు?

ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే పెట్టుకోండి: పాట బ్లూటూత్‌లో వెళ్లవచ్చు, గొంతు మాత్రం వెళ్లకూడదు.

బ్లూటూత్‌లో పాట పంపేటప్పుడు ఫోన్ శబ్దాన్ని కుదించి, చిన్న చిన్న ప్యాకెట్లుగా పంపుతుంది. మధ్యలో ఒక ప్యాకెట్ పోతే మళ్లీ పంపాలి. ఆ లోపు పాట ఆగిపోకుండా స్పీకర్ కొంత శబ్దాన్ని ముందే పోగేసి పెట్టుకుంటుంది. ఇదంతా కలిపి మామూలు స్పీకర్లలో 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. పాట వినేవాడికి అది పట్టదు, మొత్తం పాటే పావు సెకను వెనక మొదలవుతుంది, అంతే. పాడేవాడి పరిస్థితి అది కాదు. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లే. మీ గొంతు 200 మిల్లీసెకన్లు వెనక వినిపిస్తే దాదాపు సగం దెబ్బ జారిపోయినట్టే. పైగా తన గొంతే తనకు అంత ఆలస్యంగా వినిపిస్తుంటే మనిషి మాట సాగదీస్తాడు, తడబడతాడు. దీని మీద 1950లలోనే ప్రయోగాలు జరిగాయి. కాబట్టి బాగా పాడే పెద్దమ్మ ఆ మైకు పట్టుకోగానే తాళం తప్పితే తప్పు ఆవిడది కాదు.

ఇప్పుడు మీ ఇంట్లో గొంతు ఏ దారిన వెళ్తోందో చూడండి. మైకు నేరుగా స్పీకర్‌కి, ఫోన్ లేదా టీవీ బ్లూటూత్‌లో స్పీకర్‌కి కలిపి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పాట ఆలస్యంగా వచ్చినా మీరు పాడేది స్పీకర్‌లో విన్న పాటను బట్టే కాబట్టి గొంతూ పాటా కలిసే ఉంటాయి. మైకును ఫోన్‌కి గుచ్చి, ఏదో కరావోకే యాప్‌లో పాడుతూ, ఆ ఫోన్‌ను బ్లూటూత్ స్పీకర్‌కి కలిపితే మాత్రం పని చెడుతుంది. గొంతు ఫోన్ లోపలికి వెళ్లి, పాటతో కలిసి, మొత్తం బ్లూటూత్ ఆలస్యాన్ని మోసుకుని బయటికి వస్తుంది. దీన్ని ఏ సెట్టింగూ పూర్తిగా పోగొట్టలేదు. ఫోన్ నుంచి స్పీకర్‌కి ఆక్స్ వైరు వేయాలి, లేదా మైకును స్పీకర్‌కి మార్చాలి.

యాప్‌లో పాట రికార్డ్ చేసుకోవాలనుకుంటే స్పీకర్ కట్టేసి వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఉన్న మైకును వాడితే ఇంకో చిక్కుంది. మైకు తెరుచుకోగానే ఫోన్ చాలాసార్లు కాల్ మాట్లాడే పద్ధతికి మారిపోతుంది. పాట పాత ల్యాండ్‌లైన్‌లో వింటున్నట్టు పల్చగా అయిపోతుంది.

ఆలస్యం ఎంత ఉందో ఇంట్లోనే కొలవచ్చా?

కొలవచ్చు. పాట ఆపి, ఎకో సున్నా చేయండి. ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మైకు పక్కనే పెట్టండి. మైకు దగ్గర రెండు చెంచాలు ఒకదానితో ఒకటి కొట్టండి. రికార్డింగ్‌లో రెండు శబ్దాలు పడతాయి: చెంచాలది, స్పీకర్‌లోంచి వచ్చినది. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండు ముల్లుల్లా కనిపిస్తాయి. వాటి మధ్య దూరాన్ని ఎంపిక చేస్తే ఎన్ని మిల్లీసెకన్లో కిందే చూపిస్తుంది.

అందులోంచి శబ్దం గాలిలో నడిచిన కాలాన్ని తీసేయండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి స్పీకర్ 3 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 9 మిల్లీసెకన్లు. అంటే కొలతలో 14 వస్తే అసలు ఆలస్యం 5 మాత్రమే, హాయిగా పాడుకోవచ్చు. 20, 30 దాటితే చెవి పట్టేస్తుంది. 100 దాటిందంటే గొంతు ఎక్కడో బ్లూటూత్ గుండా తిరిగి వస్తోందని అనుమానించాలి.

టీవీలో అక్షరాలు ముందే రంగు మారుతున్నాయి, పాట వెనక వస్తోంది. ఏం చేయాలి?

ఇది కూడా బ్లూటూత్ ఆలస్యమే, కానీ ప్రమాదం లేని రకం. బొమ్మ వెంటనే వస్తుంది, శబ్దం కాస్త ఆగి వస్తుంది. అక్షరాలు ముందు కనిపించడం వల్ల పాడేవాళ్లకు నష్టమేమీ లేదు. చెవిని నమ్మి పాడితే సరిపోతుంది, అక్షరాల రంగును నమ్మి ఎత్తుకుంటేనే పాట కంటే ముందు పరుగెడతారు. పాట రానివాళ్లకూ పిల్లలకూ ఇది నిజంగానే ఇబ్బంది.

ఫోన్‌లో వీడియో చూస్తుంటే చాలా యాప్‌లు బ్లూటూత్ ఆలస్యాన్ని లెక్కేసి బొమ్మను కూడా ఆపి చూపిస్తాయి. టీవీల్లో ఇది మోడల్‌ను బట్టి ఉంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ట్రాక్ ఫైలుగా ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో సర్దుకోవచ్చు. J నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది, K నొక్కితే వెనక్కి. J నాలుగుసార్లు నొక్కితే 200 మిల్లీసెకన్లు. చాలామందికి అక్కడికి సరిపోతుంది.

శాశ్వతంగా కావాలంటే టీవీ నుంచి స్పీకర్ ఆక్స్‌కి వైరు వేయడమే. టీవీకి ఇయర్‌ఫోన్ జాక్ ఉంటే 3.5 ఎంఎం వైరు చాలు. కొత్త టీవీల్లో చాలావాటికి ఆప్టికల్ అవుట్ మాత్రమే ఉంటుంది. దానికి ఆప్టికల్ నుంచి అనలాగ్‌కి మార్చే చిన్న కన్వర్టర్ కావాలి, ఎస్‌పీ రోడ్ దుకాణాల్లో అడిగితే ఇస్తారు. దాన్ని పెట్టాక టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ను `PCM` అని మార్చడం మరిచిపోకండి. అది మార్చకపోతే ఆ కన్వర్టర్ నుంచి శబ్దమే రాకపోవచ్చు, వస్తువు పాడైందని తిరిగి ఇచ్చేసేవాళ్లు ఉన్నారు.

టీవీ స్పీకర్, బ్లూటూత్ స్పీకర్ రెండూ కలిపి పెడితే శబ్దం నిండుగా ఉంటుంది కదా?

ఉండదు. ఒకే పాట రెండు చోట్ల నుంచి 200 మిల్లీసెకన్ల తేడాతో వస్తే పాడేవాడికి ఏ దెబ్బను పట్టుకోవాలో తెలియదు. టీవీ శబ్దం పూర్తిగా కట్టేయండి. రెండు బ్లూటూత్ స్పీకర్లను జంటగా కలిపినా జాగ్రత్త. పాట రెండింట్లో కలిసే వస్తుంది గానీ, మైకు గొంతు రెండో దాంట్లో అసలు రాకపోవచ్చు, వచ్చినా ఆలస్యంగా రావచ్చు.

వాల్యూమ్ సగం దాటగానే మైకు కూస్తోంది. ఎలా ఆపాలి?

స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరుతుంది. మైకు దాన్ని మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. ఆ చుట్టు తిరిగి వచ్చేసరికి శబ్దం మొదటికంటే తగ్గి ఉంటే ఏమీ కాదు. తగ్గకుండా వస్తే ప్రతి చుట్టుకూ పెరుగుతూ కూత అవుతుంది. కాబట్టి మనం చేసేదంతా ఆ చుట్టులో ఎక్కడో ఒకచోట శబ్దాన్ని తగ్గించడమే.

ఒక ఇంటి సంగతి చూద్దాం. వైట్‌ఫీల్డ్ వైపు ఒక టూ బీహెచ్‌కే, హాలు సుమారు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. టైల్స్ నేల. పొట్టి గోడకు టీవీ, దాని పక్క మూలలో ట్రాలీ స్పీకర్. ఎదురు గోడంతా బాల్కనీకి తెరుచుకునే గాజు తలుపు. పాడేవాళ్లు హాలు మధ్యలో నిలబడి టీవీ వైపు చూస్తూ పాడతారు. మైకు వాల్యూమ్ సగానికి రాగానే కూత.

అందరూ చెప్పే సలహా "స్పీకర్‌కి ఎదురుగా నిలబడొద్దు". ఈ ఇంట్లో అసలు తప్పు అది కాదు. చేత్తో పట్టుకునే కరావోకే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం. ముందు నుంచి వచ్చేది బాగా వింటాయి, తోక వైపు నుంచి వచ్చేది తక్కువ వింటాయి. టీవీ వైపు తిరిగి మైకును అడ్డంగా పట్టుకుని పాడుతున్నప్పుడు దాని తోక స్పీకర్ వైపే ఉంటుంది. అంటే మైకు స్పీకర్‌ను వినడానికి ఇష్టపడని కోణంలోనే ఉంది. మరి శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది? వెనక గాజు తలుపు నుంచి. స్పీకర్ శబ్దం గాజుకు కొట్టుకుని తిరిగొచ్చి, పాడేవాడి భుజాల మీదుగా మైకు ముఖంలోకే పడుతోంది.

అక్కడ మొదట చేయాల్సింది గాజు తలుపు మీద మందపు కర్టెన్ పూర్తిగా లాగడం. పల్చటి నెట్ కర్టెన్ ఉన్నా లేనట్టే. మందపు కర్టెన్ లేకపోతే కర్టెన్ రాడ్ మీద మడత పెట్టిన దుప్పటి వేలాడదీసినా పనిచేస్తుంది. రెండోది, స్పీకర్‌ను మూలలోంచి రెండడుగులు బయటికి లాగడం. మూలలో ఉంటే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ను ఊదరగొడతాయి, మైకు "ఊఁ" అని గుమ్మనడానికి అదే కారణం. మూడోది, పాడేవాళ్లు గాజుకు దగ్గరగా పోకుండా, హాలు మధ్య నుంచి కాస్త పక్కకు జరగడం. ఈ మూడింటితో ఆ ఇంట్లో మైకు వాల్యూమ్ ముప్పావు దాకా కూత లేకుండా వెళ్లింది. ఏమీ కొనలేదు.

ఇక చేతి అలవాట్లు. మైకును నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో పెట్టుకోవాలి. ఇరవై సెంటీమీటర్ల నుంచి ఐదుకు తెస్తే మైకుకు గొంతు సుమారు 12 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది, అంటే వాల్యూమ్ నాబ్‌ను అంతమేరకు తగ్గించుకోవచ్చు. ఇంత లాభం ఏ యంత్రమూ ఇవ్వదు. మరీ దగ్గరైతే బేస్ బరువెక్కుతుంది, మైకు బేస్ నాబ్ కాస్త తగ్గించండి. జాలీని పిడికిలితో కప్పేసి పట్టుకోవద్దు. సినిమా స్టేజీల మీద చూసి పిల్లలు అలాగే పట్టుకుంటారు. జాలీ వెనక ఉన్న సందులు మూసుకుపోతే తోక వైపు శబ్దాన్ని వదిలేసే గుణం పోయి మైకు అన్ని వైపులా వింటుంది. ఇంకోటి, చరణం అయిపోయి మ్యూజిక్ వచ్చినప్పుడు చెయ్యి కిందికి వేలాడేస్తారు. అప్పుడు మైకు ముఖం సరిగ్గా స్పీకర్‌కి గురిపెట్టినట్టవుతుంది. కూతల్లో చాలావరకు అప్పుడే పుడతాయి. మైకును ఛాతీ దగ్గర నిలువుగా పట్టుకోమనండి, లేదా స్విచ్ కట్టేయమనండి.

నాబ్‌లు ఏ వరుసలో తిప్పాలి?

చాలామంది ముందు పాటను గట్టిగా పెట్టేసి, ఆ తర్వాత గొంతు వినపడటం లేదని మైకు పెంచుతారు. తలకిందులు చేయండి. పాట ఆపి, ఎకో సున్నా, బేస్ ట్రెబుల్ మధ్యలో పెట్టండి. పాడే చోట నిలబడి, పాడే తీరులో మైకు పట్టుకుని, ఇంకొకరితో మైకు వాల్యూమ్ మెల్లగా పెంచమనండి. సన్నగా మోగడం మొదలవగానే ఆపి, అక్కడి నుంచి ఒకటి రెండు గీతలు తగ్గించండి. అదే మీ గరిష్ఠం. ఇప్పుడు మోగిన స్వరం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. "ఊఁ" అంటే బేస్ తగ్గించాలి, "కీ" అంటే ట్రెబుల్. అన్నీ సరిపోయాక చివరగా పాటను పెంచండి, గొంతు పైన తేలేంతవరకే. మైకు ఇంక పెరగదు కాబట్టి గొంతు వినబడకపోతే పాటనే తగ్గించాలి.

ఎకో నాబ్ ఎంత పెట్టాలి?

వినిపించేదాకా పెంచి, వినిపించీ వినిపించనట్టు ఉండేదాకా తగ్గించండి. మెలోడీకి ఇంకొంచెం ఎక్కువున్నా అందం, వేగంగా సాగే పాటలో మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. టైల్స్ హాల్లో గదే కొంత ఎకో ఇస్తుంది కాబట్టి నాబ్ అవసరం తక్కువ. ఎకో పెంచడమంటే మైకు శబ్దాన్ని మళ్లీ మళ్లీ స్పీకర్‌కి పంపడమే, అందువల్ల కూత త్వరగా వస్తుంది. "బాగా పాడినట్టు వినిపిస్తుంది" అని మామయ్య ఎకోను చివరిదాకా తిప్పిన రోజునే మైకు కూయడం యాదృచ్ఛికం కాదు.

రెండు మైకులతో యుగళగీతం పాడితే కూత ఎక్కువైంది?

అవుతుంది. తెరిచి ఉన్న మైకు ప్రతిదీ స్పీకర్‌ను వింటుంది. ఒకటి రెండైతే దాదాపు 3 డెసిబెల్స్ వెసులుబాటు పోతుంది. రెండూ కొంచెం తగ్గించండి. సోఫా మీద పడేసిన మైకును ఆఫ్ చేయండి.

మా స్పీకర్‌కి మైకు జాక్ లేదు, ఆక్స్ మాత్రమే ఉంది.

ఎకో ఉన్న చిన్న కరావోకే మిక్సర్ తీసుకోండి. వైరు మైకు, ఫోన్ రెండూ దానికి, దాని అవుట్ స్పీకర్ ఆక్స్‌కి. మిక్సర్ నుంచి స్పీకర్‌కి మాత్రం బ్లూటూత్ పెట్టొద్దు, మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని చిన్న స్పీకర్లు ఆక్స్ శబ్దాన్ని కూడా లోపల డిజిటల్‌గా మార్చి కొంత ఆలస్యం చేస్తాయి. మిక్సర్ కలిపాక చెంచాల పరీక్ష ఒకసారి చేసి చూడండి.

పక్క ఫ్లాట్ వాళ్లు గొడవ పడుతున్నారు.

నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఇది 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో ఉన్నదే, మీ అసోసియేషన్ కల్పించింది కాదు. పదిలోపు కూడా ఫిర్యాదు వస్తోందంటే సాధారణంగా అది గొంతు మీద కాదు, బేస్ మీద. నేల మీద పెట్టిన ట్రాలీ స్పీకర్ స్లాబ్‌ను ఊపుతుంది, అది కింది ఇంటి సీలింగ్‌లో గుమ్ గుమ్మని వినిపిస్తుంది. స్పీకర్‌ను మందపాటి డోర్‌మ్యాట్ పరిచిన స్టూల్ మీదికి ఎక్కించి, బేస్ బూస్ట్ బటన్ ఆపేసి, కింది ఇంటివాళ్లను ఒక్కసారి అడిగి చూడండి.